ఎవులు? ఏటి? ఎవులికి? – బరువైన వాక్యాన్ని మామూలు మాటల్లోకి విప్పి చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడలో మా ఇంటి వసారాలో ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి కూర్చుని చదువుకుంటాం. అందరం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లమే. బడిలో చదివింది మాత్రం ఒడియా. ఇప్పుడు దూరవిద్యలో చరిత్ర, సమాజశాస్త్రం తెలుగు మాధ్యమంలో తీసుకున్నవాళ్లు కొందరు, పోటీ పరీక్షలకు తెలుగు పుస్తకాలు చదువుతున్నవాళ్లు కొందరు. గుంపులోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఉదాహరణగా ఇచ్చిన వాక్యాలు పాఠ్యపుస్తకాల ధోరణిలో మేం సాధన కోసం అల్లుకున్నవి.

మాటలన్నీ తెలిసినవే, అయినా వాక్యం అర్థం కాదు. ఎందుకు?

ఆ వాక్యంలో పనులన్నీ వస్తువులుగా మారిపోయి ఉంటాయి, పని చేసిన మనుషులు కనిపించరు. అందుకే అర్థం కాదు.

"భూములు లాక్కున్నారు" అంటే మన కళ్ల ముందు ఎవరో ఒకరు లాక్కుంటున్నట్టు ఉంటుంది. "భూముల అన్యాక్రాంతం జరిగింది" అంటే అక్కడ మనిషి లేడు. లాక్కోవడం అనే పని "అన్యాక్రాంతం" అనే పేరైపోయింది. ఆ పేరుకు "జరిగింది" అనే ఖాళీ క్రియ తగిలించారు. ఇలాంటి పేర్లు ఒక వాక్యంలో నాలుగైదు చేరితే, ఎవరు ఎవరిని ఏం చేశారో పట్టుకోవడానికి మనకు ఏ ఆధారమూ మిగలదు.

నాకు ఈ సంగతి మా అమ్మ వల్ల తెలిసింది. ఒకరోజు వంటింటి గుమ్మంలో కూర్చుని పరీక్షకి పైకి చదువుతున్నాను. అమ్మ కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతోంది. "ఏజెన్సీలో గిరిజన భూముల అన్యాక్రాంతం విస్తృతంగా జరిగింది" అని చదివాను. అమ్మ తరగడం ఆపి, "అంటే ఏటయ్యిందే?" అంది. "భూములు పోయాయమ్మా" అన్నాను. "ఎవులివి? ఎవులు పట్టుకుపోయారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పేజీ అప్పటికి నాలుగుసార్లు చదివాను.

ఆ రోజు నుంచి కష్టమైన వాక్యం వస్తే అమ్మ అడిగినట్టే అడుగుతున్నాను. ఎవులు చేశారు? ఏటి చేశారు? ఎవులికి చేశారు? మా గుంపులో ఈ మూడు మాటలూ పుస్తకం అట్ట లోపల రాసుకుంటారు.

విప్పడం అంటే సరిగ్గా ఏం చేయాలి? ఒక వాక్యం పట్టుకుని చూపించండి.

ఇదిగో, మేం ఎక్కువసార్లు వాడే వాక్యం:

"ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనేతరుల రాకపోకల విస్తరణ, ద్రవ్య ఆర్థిక వ్యవస్థ ప్రవేశం పర్యవసానంగా గిరిజన భూముల అన్యాక్రాంతం తీవ్రరూపం దాల్చిన నేపథ్యంలో, అట్టి బదలాయింపుల నియంత్రణ నిమిత్తం 1917లో చట్టం రూపొందించబడినప్పటికీ, దాని అమలులో ఏర్పడిన శైథిల్యం కారణంగా ఆశించిన ఫలితాలు సాధింపబడలేదు."

మొదట వాక్యం చివరికి వెళ్లండి. తెలుగులో అసలు క్రియ చివర కూర్చుంటుంది. ఇక్కడ "సాధింపబడలేదు". ఏటి సాధించలేదు? ఆశించిన ఫలితాలు. అంటే ఇంత పొడుగు వాక్యమూ చివరికి చెప్పేది "అనుకున్నది జరగలేదు" అనే. ఈ ముక్క ముందే పట్టుకుంటే మిగతాదంతా "ఎందుకు జరగలేదు" అన్నదానికి జవాబుగా చదువుకోవచ్చు.

రెండోది, పెన్సిల్ తీసుకుని పేర్ల వేషంలో ఉన్న పనుల కింద గీత గీయండి. రాకపోకలు, విస్తరణ, ప్రవేశం, అన్యాక్రాంతం, బదలాయింపు, నియంత్రణ, అమలు, శైథిల్యం. ఇవన్నీ పనులే లేదా మార్పులే. వచ్చి పోవడం, పెరగడం, అడుగుపెట్టడం, చేతులు మారడం, రాసివ్వడం, అదుపు చేయడం, ఆచరణలో పెట్టడం, సడలిపోవడం. వీటికి తోడు రూపొందించడం, ఆశించడం, సాధించడం క్రియలుగానే ఉన్నాయి. మొత్తం పదకొండు పనులు ఒకే వాక్యంలో ఇరుక్కున్నాయి. తలకెక్కకపోతే తప్పు చదివేవాళ్లది కాదు.

మూడోది, ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో చూసి ఆ వరసలో ఒక్కో పనికి ఒక్కో చిన్న వాక్యం రాయండి. "పర్యవసానంగా", "నేపథ్యంలో", "నిమిత్తం", "అయినప్పటికీ", "కారణంగా" అనే మాటలు పనులను ఒకదానికొకటి కట్టే ముళ్లు. వాటిని వదలకుండా దాంతో, అందుకని, కోసం, కానీ, వల్ల అని మార్చుకోండి. మా గుంపులో చివరికి తేలింది ఇది:

"గిరిజనులు కానివాళ్లు ఏజెన్సీకి వచ్చిపోవడం పెరిగింది. అక్కడ డబ్బుతో కొనడం అమ్మడం మొదలైంది. ఈ రెండింటి వల్ల గిరిజనుల భూములు ఇంకా ఎక్కువగా ఇతరుల చేతుల్లోకి పోయాయి. అలా పోకుండా అదుపు చేయడం కోసం 1917లో (?) చట్టం చేశారు. కానీ దాన్ని (?) గట్టిగా అమలు చేయలేదు. అందువల్ల (?) అనుకున్నది జరగలేదు."

మాటల లెక్క తగ్గిందా లేదా అన్నది చూసుకోవద్దు. కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. ఇప్పుడు ఒక్కో వాక్యాన్నీ "నిజమేనా? ఎలా తెలుసు?" అని విడివిడిగా అడగగలుగుతున్నాం. ముద్దగా ఉన్నప్పుడు అలా అడగడానికి వీలుండేది కాదు.

ఆ ప్రశ్నార్థకాలు ఎందుకు? పని చేసినవాళ్లు ఎవరో మనమే రాసేయకూడదా?

రాయకూడదు. ఈ పేజీలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. వాక్యం కర్తను చెప్పకపోతే ఆ చోట ప్రశ్నార్థకం పెట్టండి. తర్వాత వెతకండి. దొరికితే నింపండి, దొరకకపోతే ప్రశ్నార్థకం అలాగే ఉంచండి.

నేను ఒకసారి నింపేసి దెబ్బతిన్నాను. "కొండవాలు భూములు సాగులోకి తీసుకురాబడ్డాయి" అని పాఠంలో ఉంది. నాకు అలవాటైన కర్త ప్రభుత్వం. అందుకని "ప్రభుత్వం కొండలు నరికించి సాగు చేయించింది" అని నోట్సులో రాసుకున్నాను. ఆ ఆధారంతో పరీక్షలో మూడు పేజీల జవాబు రాశాను. తర్వాత పాఠం మళ్లీ తిరగేస్తే, రెండు పేజీల అవతల అది పోడు వ్యవసాయం గురించి అని, సాగు చేసింది ఆ కొండల మీది కుటుంబాలే అని స్పష్టంగా ఉంది. నా జవాబు మొత్తం తలకిందులైంది. ఆ పరీక్షలో వచ్చిన మార్కులు ఇప్పటికీ గుర్తున్నాయి.

ప్రశ్నార్థకాలు నింపేటప్పుడు మూడు చోట్ల వెతకండి. ముందు వాక్యం, తర్వాతి వాక్యం, ఆ పాఠం మొదటి పేరా. పై ఉదాహరణలో మొదటి ప్రశ్నార్థకం బయటి విషయం తెలిస్తే నిండుతుంది. 1917 నాటికి కొరాపుట్, రాయగడ వైపు అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడే ఇటు వచ్చింది. కాబట్టి చట్టం చేసింది మద్రాసు ప్రభుత్వం. మన ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది కదా అని "ఒరిస్సా ప్రభుత్వం" అని నింపితే తప్పు. ఇలా బయటి నుంచి తెచ్చి నింపినదాన్ని మేం వేరే రంగు పెన్నుతో రాస్తాం. రచయిత చెప్పింది, మనం చేర్చింది కలిసిపోకూడదు.

రెండో ప్రశ్నార్థకం ఇంకా ముఖ్యం. ఆ చట్టం ప్రకారం కొండజాతి మనిషి తన స్థిరాస్తిని కొండజాతి కాని మనిషికి రాసిస్తే చెల్లేది కాదు. ఏజెన్సీని చూసే ప్రభుత్వ ప్రతినిధి అయిన ఏజెంటు గానీ, నియమిత అధికారి గానీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే మాత్రం చెల్లేది. అంటే తలుపు తాళం అధికారుల చేతిలో ఉండేది. ఇప్పుడు "అమలులో ఏర్పడిన శైథిల్యం" అన్న మాట మళ్లీ చదవండి. శైథిల్యం దానంతట అది ఏర్పడినట్టు ఉంది. కానీ సడలించగల మనుషులు ఉన్నారు. వాళ్లే సడలించారని ఈ వాక్యం చెప్పలేదు కాబట్టి మనం రాయకూడదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

ఇంకొక చిన్న జాగ్రత్త. "ఇవ్వబడ్డాయి" లాంటి క్రియ ఉన్న వాక్యంలో మనుషుల పక్కన "చేత" అని ఉంటే వాళ్లే కర్త. "ద్వారా" అని ఉంటే చెప్పలేం. "కలెక్టరు ద్వారా పట్టాలు ఇవ్వబడ్డాయి" అంటే ఇవ్వాలని నిర్ణయించింది కలెక్టరా, లేక ఎవరో నిర్ణయిస్తే కలెక్టరు చేతుల మీదుగా అందాయా? ఈ మధ్య పుస్తకాల్లో రెండు అర్థాలకూ "ద్వారా" వాడేస్తున్నారు. అక్కడా ప్రశ్నార్థకం పెట్టండి.

వాక్యంలో "బడు" కనిపిస్తే కర్మణి ప్రయోగం అని గుర్తుపెట్టుకుంటే చాలా?

చాలదు. తెలుగులో కర్త దాక్కోవడానికి "బడు" కంటే మంచి చోట్లు చాలా ఉన్నాయి. మాట్లాడే తెలుగులో "చేయబడింది" ఎలాగూ తక్కువ. అది ఎక్కువగా రాతలోనే కనిపిస్తుంది కాబట్టి సులభంగా పట్టుకుంటాం. పట్టుకోలేనివి మిగతావి.

"తనిఖీ చేయడం జరిగింది", "ఇందుమూలముగా తెలియజేయడమైనది" లాంటివి ఆఫీసు కాగితాల్లో చూస్తూనే ఉంటాం. ఇందులో "బడు" లేదు, కర్త కూడా లేడు. "గురైంది", "లోనైంది" ఇంకా నెమ్మదిగా పని చేస్తాయి. "గ్రామాలు ముంపునకు గురయ్యాయి" అంటే ఏదో వాన వచ్చి మునిగినట్టు వినిపిస్తుంది. మన పక్కనే మాచ్‌ఖండ్ నది మీద జలాపుట్ ఆనకట్ట ఉంది. అక్కడి జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఇలాంటి చోట జరిగింది విప్పి చెబితే, "ఆనకట్ట కట్టారు. నీళ్లు నిలబెట్టారు. ఊళ్లు మునిగాయి. ఊళ్లలో ఉన్నవాళ్లు లేచి వెళ్లాల్సి వచ్చింది" అవుతుంది. నాలుగు పనులు, అందులో రెండు మనుషులు తెలిసి చేసినవి. "నిర్వాసితులు" అన్న ఒక్క మాటలో కూడా ఇలాగే ఒక వాక్యం దాగి ఉంది. ఉన్నచోటు నుంచి ఎవరో వాళ్లను లేపారు.

అన్నిటికంటే మామూలుగా కనిపించేది "అయింది". "భూములు అన్యాక్రాంతమయ్యాయి", "అప్పు రెట్టింపయింది", "సర్వే పూర్తయింది". ఇలాంటి చోట క్రియల జంటను గుర్తు చేసుకోండి. విరిగింది, విరిచారు. మునిగింది, ముంచారు. పోయింది, పోగొట్టారు. మారింది, మార్చారు. రచయిత జంటలో మొదటిది వాడితే, రెండోది పెట్టి చూసి "ఎవులు?" అని అడగండి. ఒక్కోసారి నిజంగానే దానంతట అదే జరిగి ఉంటుంది, వాన పడ్డట్టు. అప్పుడు మొదటిదే సరైనది, అలాగే ఉంచండి.

ఇటువైపు కూడా ఒక పొరపాటు ఉంది. "బడు" ఉన్న ప్రతి మాటా కర్మణి కాదు. కనబడింది, వినబడింది, నిలబడ్డారు. మా గుంపులో ఒక తమ్ముడు "రైతులు తిరగబడ్డారు" అన్నదాని కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు, వాళ్లను ఎవరు తిరగబెట్టారని. అక్కడ తిరగబడింది రైతులే. ఆ వాక్యంలో కర్త నిలువెత్తున నిలబడి ఉన్నాడు.

"రైతుల దోపిడీ", "వ్యాపారుల దోపిడీ" రెండూ ఒకేలా ఉన్నాయి. ఎవరు ఎవరిని దోచుకున్నట్టు?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి సరైన చోట వేలు పెట్టింది. రెండింటి రూపం ఒకటే. రైతుల దోపిడీలో దోపిడీకి గురైంది రైతులు. వ్యాపారుల దోపిడీలో దోచుకున్నది వ్యాపారులు. మనకు ముందే లోకం తెలుసు కాబట్టి తేడా తెలుస్తోంది. వ్యాకరణం చెప్పడం లేదు. "యొక్క" అర్థంలో వచ్చే ఆ "ల" పని చేసినవాళ్ల పక్కనా చేరుతుంది, పని ఎవరి మీద జరిగిందో వాళ్ల పక్కనా చేరుతుంది.

మనకు తెలియని విషయం చదివేటప్పుడు చిక్కు ఇక్కడే వస్తుంది. "అధికారుల నియామకంలో జాప్యం" అంటే అధికారులను నియమించడం ఆలస్యమైందా, అధికారులు ఎవరినో నియమించడం ఆలస్యం చేశారా? "గిరిజన భూ బదలాయింపు" అంటే గిరిజనుల నుంచి వేరేవాళ్లకా, గిరిజనులకా? మేం చేసేది ఇది. "అధికారులు నియమించారు" అని ఒకటి, "అధికారులను నియమించారు" అని ఒకటి, రెండు వాక్యాలూ మార్జిన్‌లో రాస్తాం. తర్వాతి పేరా చదువుతూ ఏది పొసగకపోతే దాన్ని కొట్టేస్తాం. మామూలుగా అయిదారు వాక్యాల్లో తేలిపోతుంది. మొదట్లోనే ఒకటి ఎంచేసుకుని ముందుకు పోతే, పొసగని వాక్యం వచ్చినా దాన్నే వంచి మన అర్థంలోకి తోసేస్తాం.

ఆరేడు మాటలు గొలుసుగా వచ్చే సమాసాన్ని ఎలా విప్పాలి?

తోక నుంచి. "గిరిజన భూ బదలాయింపు నిరోధక నిబంధనల అమలు పర్యవేక్షణ లోపం" అని ఉందనుకోండి. చివరి మాట లోపం. దేనిలో లోపం? పర్యవేక్షణలో. దేన్ని పర్యవేక్షించాలి? అమలును. దేని అమలు? నిబంధనలది. ఆ నిబంధనలు ఏం చేస్తాయి? నిరోధిస్తాయి. దేన్ని? భూమి చేతులు మారడాన్ని. ఎవరి భూమి? గిరిజనులది.

ఇప్పుడు ముందు నుంచి చెప్పండి. "గిరిజనుల భూమి చేతులు మారకుండా ఆపడానికి నిబంధనలు ఉన్నాయి. వాటిని కొందరు అమలు చేయాలి. అమలు చేస్తున్నారో లేదో ఇంకొందరు చూడాలి. ఆ చూడటం సరిగా జరగలేదు."

తొందరగా చదివినవాళ్లు దాదాపు అందరూ దీన్ని "నిబంధనలు అమలు కాలేదు" అని రాస్తారు. ఆ సమాసం ఆ మాట అనలేదు. లోపం ఉన్నది కాపలా చూసేవాళ్ల దగ్గర. అమలు ఎలా ఉందో అది చెప్పలేదు. తోక నుంచి వస్తే ఈ తేడా కనిపిస్తుంది, తల నుంచి వస్తే జారిపోతుంది.

ప్రతి బరువైన మాటనూ విప్పాల్సిందేనా?

అక్కర్లేదు. కొన్ని మాటలు ఆ శాస్త్రంలో పనిముట్లు. రచయిత ఒక మాటకు నిర్వచనం ఇచ్చి, పేజీ పేజీకీ దాన్నే వాడుతుంటే అది పరిభాష. "అన్యాక్రాంతం" అలాంటిదే. మొదటిసారి విప్పి అర్థం చేసుకోండి, తర్వాత ఆ మాటనే వాడండి. "విస్తరణ", "నేపథ్యం", "శైథిల్యం" అలాంటివి కావు, వాక్యానికి బరువు కోసం వచ్చినవి. వాటిని విప్పేస్తే ఏమీ పోదు.

చట్టాలు, నియమాల భాషను కూడా ఇలాగే విప్పొచ్చా?

విప్పొచ్చు, కానీ చేయి మెల్లగా కదలాలి. చట్టంలో చిన్న మాటలే పెద్దవి. "లేనిదే", "మినహా", "లోబడి", "అయితే" అనే మాటల్లో ఒక్కటి జారినా అర్థం తిరగబడుతుంది. పైన చెప్పిన 1917 చట్టంలో సంగతినే "గిరిజనుల భూమి వేరేవాళ్లకు అమ్మకూడదు" అని రాసుకుంటే తప్పు. అనుమతి ఉంటే అమ్మవచ్చన్న దారి అందులో ఉంది. ఆ దారి సంగతి వదిలేస్తే తర్వాతి చరిత్ర అర్థం కాదు. ఒడిశాలో షెడ్యూల్డు ప్రాంతాల భూముల బదిలీ మీద 1956లో కొత్త నియమావళి ఎందుకు వచ్చిందని ఆలోచించేవాళ్లకు ఆ దారి గుర్తుండాలి.

ఇంకో సంగతి. చట్టంలో "చెల్లదు" అన్నప్పుడు కర్త ఎవరని వెతక్కండి. అక్కడ కర్త అవసరం లేదు, చట్టం వద్దన్న తీరులో ఎవరు చేసినా చెల్లదు. కర్మణి ప్రయోగమంటే మోసమే అనుకోనక్కర్లేదు. ఎవరు చేశారో నిజంగా తెలియనప్పుడు, ఎవరు చేసినా ఒకటే అయినప్పుడు రచయిత కర్తను వదిలేయడం న్యాయమే. "ఈ గుడి 13వ శతాబ్దంలో కట్టబడింది" అంటే కట్టించింది ఎవరో శాసనంలో లేకపోయి ఉండొచ్చు. దాన్ని "కట్టారు" అని రాసుకుని ముందుకు పోండి. తెలుగులో కర్త లేకుండా బహువచన క్రియ ఒక్కటే పెట్టే ఈ అలవాటు మనకు పెద్ద వరం. తెలియని కర్తను కల్పించకుండానే వాక్యం మామూలు తెలుగులోకి వస్తుంది.

"భావించబడుతోంది", "సూచించబడింది" లాంటివి తీసేయొచ్చా? అనవసరం అనిపిస్తుంది.

అవి తీసేస్తే వాక్యం తేలికవుతుంది. కానీ అబద్ధం అవుతుంది.

"అప్పులే ఈ వలసకు ప్రధాన కారణమని భావించబడుతోంది" అన్నదాన్ని "అప్పుల వల్లే వలస పోయారు" అని రాస్తే, ఒకరి అభిప్రాయం జరిగిన సంగతిగా మారిపోయింది. "అప్పుల వల్లే వలస పోయారని (?) అనుకుంటున్నారు" అని రాయండి. అప్పుడు అడగాల్సిన ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఎవులు అనుకుంటున్నారు? రచయితా, వేరే పరిశోధకులా, ఊళ్లో జనమా? ఒక్కోసారి ఆ పాఠం మొత్తంలో దీనికి జవాబు ఉండదు. అలా ఉండకపోవడం కూడా నోట్సులో రాసుకోవాల్సిన సంగతే.

"లేదు"తో ఇంకో చిక్కు. "పట్టాలు అందరికీ ఇవ్వబడలేదు." కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వలేదా, ఎవరికీ ఇవ్వలేదా? పైకి చదివేటప్పుడు గొంతు దీన్ని తేల్చేస్తుంది. కాగితం మీద తేలదు. రెండు రకాలుగా రాసుకుని చుట్టుపక్కల వెతకాలి.

నేను ఇంటర్ దాకా ఒడియాలోనే చదివాను. నాకు ప్రత్యేకంగా ఏ చోట కష్టం?

రెండు చోట్ల. ఒకటి, ఒడియా పత్రికలూ పుస్తకాలూ "కరాజాఇఛి", "కరాగలా" అని తరచుగా రాస్తాయి. అక్కడ అది సహజం. అలవాటైన చెవికి తెలుగులో "చేయబడింది" కూడా సహజంగానే వినిపిస్తుంది. అందుకే కర్త లేడన్న సంగతి మీ దృష్టికి రాకుండా పోతుంది. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు ఆగే చోట మీరు ఆగరు. కాబట్టి పెన్సిల్ గీత మీరు తప్పకుండా గీయాలి.

రెండోది, రెండు భాషలకూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలు. బరువైన తెలుగు వాక్యంలో ఇవే ఎక్కువ, చూడగానే తెలిసినట్టుంటాయి. కానీ ఒడియాలో "శిక్షా" చదువు, తెలుగులో "శిక్ష" దండన. ఒడియాలో "ఉపన్యాస" నవల, తెలుగులో "ఉపన్యాసం" ప్రసంగం. ఒడియాలో "అవసర" తీరిక లేదా ఉద్యోగ విరమణ, తెలుగులో "అవసరం" కావలసి ఉండటం. మా గుంపులో ఒక అక్క "శిక్షాస్మృతి సవరణ" అన్నదాన్ని విద్యా విధానం మార్పు అని విప్పింది. వాక్యం చక్కగా విడిపోయింది, ఎక్కడా తడబాటు లేదు, విషయం మాత్రం వేరేది. పేరును క్రియగా మార్చేటప్పుడు ఆ క్రియ ఇంట్లో మాట్లాడే తెలుగులోంచి రావాలి. "శిక్షించడం" అని పైకి అని ఉంటే తనకే వెంటనే తెలిసేది.

నేను విప్పింది సరిగ్గానే ఉందని ఎలా తెలుసుకోవాలి?

మేం రెండు పరీక్షలు పెట్టుకున్నాం. మొదటిది లెక్క. గీతలు గీసిన పనులు ఎన్నో, మీ చిన్న వాక్యాల్లో పనులు అన్ని ఉన్నాయా? తగ్గితే ఏదో మింగేశారు. పెరిగితే ఏదో చేర్చారు. పై పెద్ద వాక్యంలో చాలామంది మింగేసేది "విస్తరణ". "బయటివాళ్లు వచ్చారు" అని రాస్తారు. పుస్తకం చెప్పింది వాళ్ల రాక పెరిగిందని. అంటే అంతకు ముందు కూడా వచ్చేవాళ్లే.

రెండోది, పుస్తకంలో తర్వాతి వాక్యాన్ని మీ చిన్న వాక్యాల వెనకే చదవండి. అతికితే సరే. మన పెద్ద వాక్యం తర్వాత "అట్టి అనుమతులు విరివిగా మంజూరు చేయబడ్డాయి" అని వచ్చిందనుకోండి. అట్టి అనుమతులు అంటే ఏవి? మీరు రాసిన దాంట్లో అనుమతి మాటే లేకపోతే, ఏదో దాటేశారు, లేదా పుస్తకమే ముందు పేజీలో చెప్పింది మీరు మరిచిపోయారు. వెనక్కి వెళ్లండి.

ఈ రెండూ అయ్యాక, వీలుంటే ఆ పుస్తకం చదవనివాళ్లకు వినిపించండి. నేను ఇప్పటికీ అమ్మకే వినిపిస్తాను.

ఇలా ప్రతి వాక్యం విప్పుతూ పోతే పుస్తకం ఎప్పటికి అవుతుంది?

ప్రతి వాక్యం విప్పనక్కర్లేదు. మామూలు వేగంతో చదవండి. పేరా అయ్యాక పుస్తకం మూసి "ఎవులు, ఏటి, ఎవులికి" అని అడుగుకోండి. జవాబు వస్తే ముందుకు పోండి. రాకపోతే ఆ పేరాలో సాధారణంగా ఒకటో రెండో వాక్యాలే అడ్డంగా ఉంటాయి. వాటినే విప్పండి. మా గుంపులో మొదట్లో ఒక్క వాక్యానికి పావుగంట పట్టేది. ఇప్పుడు చాలావాటికి కాగితం అవసరం రావడం లేదు, గీతలు గీస్తే సరిపోతోంది.

పరీక్షలో ఇలా మామూలు మాటల్లో రాస్తే మార్కులు తగ్గిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

పరిభాష మాటలు వాడండి, వాక్యాలు చిన్నవిగా రాయండి. "గిరిజనుల భూములు అన్యాక్రాంతం కాకుండా ఆపడానికి మద్రాసు ప్రభుత్వం 1917లో చట్టం చేసింది" అన్న వాక్యంలో శాస్త్రం మాట ఉంది, సంవత్సరం ఉంది, కర్త ఉన్నాడు. పోయిన నెల ఒక చెల్లి ఇంటి దగ్గర సాధన చేస్తూ ఇలా రాసి తెచ్చింది. కింద "ఎవులికి?" అని తనే పెన్సిల్‌తో రాసుకుని, రెండో వాక్యం చేర్చింది: "అయితే ఆ చట్టం ప్రకారం అధికారి అనుమతి ఇస్తే భూమిని గిరిజనేతరులకు కూడా రాసివ్వడానికి వీలుండేది."